పదిన్నరకు కాఫీ

రెండు రోజుల కార్యశాల అనగానే మన ఊళ్లలో ముందు ఆహ్వానపత్రమే తయారవుతుంది. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకులు, వక్తల పేర్లు, శాలువాలు. అసలు పాఠం ఏ పూట ఎంతసేపు సాగుతుందో మాత్రం ఎవరూ లెక్క వేయరు. ఆ లెక్కను ముందే వేసుకునే పట్టిక ఎలా ఉంటుందో చూడాలంటే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వాళ్ల కార్యక్రమాన్ని తిరగేయవచ్చు. శాస్త్ర పరిశోధకులకు కంప్యూటర్ పని నేర్పడానికి గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా 1998లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఈ శిక్షణ మొదలుపెట్టారు. తర్వాత అది రెండు రోజుల నమూనాగా స్థిరపడి చాలా దేశాలకు పాకింది.

పైకి పట్టిక చాలా సాదాగా ఉంటుంది. మొదటి రోజు తొమ్మిదింటికి యూనిక్స్ షెల్, పదిన్నరకు కాఫీ, పన్నెండింటికి భోజనం, ఒంటిగంటకు పైథాన్ లేదా ఆర్, రెండున్నరకు మళ్లీ కాఫీ, నాలుగింటికి ముగింపు. రెండో రోజు పొద్దున గిట్. ఒక్కో పూటకు ఒకే పాఠం, దాన్ని నడిపే బోధకుడు ఒకరు. ఉపన్యాసాలు ఉండవు. బోధకుడు తెరమీద కమాండ్లు టైపు చేస్తూ పోతుంటే అందరూ తమ ల్యాప్‌టాప్‌లలో అదే చేస్తారు. బల్లల మధ్య సహాయకులు తిరుగుతుంటారు.

చిక్కంతా తొమ్మిదికీ పన్నెండుకూ మధ్యన ఉంది. కాగితం మీద అవి 180 నిమిషాలు. ఆలస్యంగా వచ్చేవాళ్లకూ పరిచయాలకూ పావుగంట, కాఫీకి ఇరవై నిమిషాలు పోతే 145 మిగులుతాయి. షెల్ పాఠంలో ఏడు భాగాలున్నాయి. ప్రతి భాగం మీదా బోధనకు ఎన్ని నిమిషాలు, అభ్యాసాలకు ఎన్ని అన్నది విడిగా రాసి ఉంటుంది. అన్నీ కూడితే పూటలో పట్టవు. అందుకే ఏది వదిలేయాలో బోధకుడు ముందురోజే తేల్చుకోవాలి. అనుభవం లేనివాళ్లు ఇక్కడే పొరపడతారు. ఆలస్యం కనిపించగానే అభ్యాసాలకు కోత పెట్టి మాటల వేగం పెంచుతారు. పాఠం పూర్తవుతుంది గానీ నేర్చుకున్నవాళ్లు ఉండరు.

ఏం వదలాలో పాఠంలోని కథే చెబుతుంది. నెల్లీ నెమో అనే కల్పిత సముద్ర జీవశాస్త్రవేత్త దగ్గర 1520 నమూనాల ఫైళ్లున్నాయి. ఒక్కోదాన్ని చేత్తో తెరిచి లెక్క కట్టాలంటే, ఫైలుకు అర నిమిషం చొప్పున వేసుకున్నా పన్నెండు గంటలు దాటుతుంది. లూప్ రాస్తే యంత్రమే ఆ పని చేసుకుపోతుంది. పాఠం పండేది ఆ లూప్ దగ్గరే. కాబట్టి పదకొండూ పదికల్లా లూప్ మొదలయ్యేలా చూసుకుని, చివరి భాగమైన ఫైళ్ల వెతుకులాటను ఇంటికి వదిలేస్తే నష్టం పెద్దగా ఉండదు. నెల్లీ కథ సగంలో ఆగిపోతే మాత్రం పొద్దుటినుంచీ కొట్టిన కమాండ్లు దేనికో ఎవరికీ అర్థం కాదు.

పాల్గొనేవాళ్లకు ఇచ్చే పట్టికలో కనిపించనిది బోధకుల సూచనల పత్రం. అందులో ఉండేవి చిన్న సంగతులే. విండోస్‌లో గిట్ బాష్ వాడేవాళ్లకు `man ls` పనిచేయదు, వాళ్లచేత `ls --help` కొట్టించాలి. ఇది తెలియని బోధకుడి తరగతిలో సగం మంది మొదటి అరగంటలోనే వెనకబడతారు. వెనకబడ్డారని తెలిసేదెలా? ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటుకాగితాలు ఇస్తారు. పని అయితే ఒక రంగు, ఇరుక్కుంటే మరో రంగు ల్యాప్‌టాప్ మూత మీద అతికించాలి. చెయ్యెత్తి సాయం అడగాలంటే మొహమాటపడేవాళ్లు కాగితం అతికించడానికి వెనకాడరు. పైగా చేతులు కీబోర్డు మీదే ఉంటాయి.

కాఫీ విరామం విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. కాఫీ తాగడానికి ఐదు నిమిషాలు చాలు. మిగిలిన పావుగంట, ఇన్‌స్టలేషన్ కుదరక ఆగిపోయిన రెండు మూడు యంత్రాలను సహాయకులు దారికి తెచ్చుకునే సమయం. ఆలస్యమైందని విరామం ఎగ్గొడితే ఆ ఇద్దరు ముగ్గురూ భోజనం వేళకు కనిపించరు.

అవే కాగితాలు పూట చివర మళ్లీ అక్కరకొస్తాయి. ఒకదాని మీద నచ్చినది, రెండోదాని మీద మార్చవలసినది రాసి, వెళ్తూ వెళ్తూ ఇచ్చిపోతారు. 'వేగం ఎక్కువ' అని పది కాగితాలు వస్తే మధ్యాహ్నం పాఠంలో ఒక భాగం తీసేయక తప్పదు. 'ఎక్కువ', 'తక్కువ' సమంగా వస్తే మార్చవలసింది వేగాన్ని కాదు, గదిలో కూర్చునే తీరును. తెలిసినవాళ్ల పక్కన తెలియనివాళ్లను కూర్చోబెడతారు.

రెండో రోజు గిట్ పూటకు సూచనలు ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు. 2021 ఆగస్టులో గిట్‌హబ్ కమాండ్ల ద్వారా పాస్‌వర్డ్‌తో ఫైళ్లు పంపడాన్ని ఆపేసింది. అప్పటిదాకా పాస్‌వర్డ్ కొట్టి ముందుకు సాగిన చోట ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు తయారుచేసుకోవడం అనే కొత్త మెట్టు వచ్చిపడింది. పాత సూచనలు పట్టుకుని వెళ్లిన బోధకుడికి పదకొండు గంటలకు గదినిండా ఇరుక్కున్న రంగే కనిపిస్తుంది.