వైవాలో నమూనా ప్రశ్న: పందొమ్మిది మంది ఎలా సరిపోతారు?

గుణాత్మక పరిశోధన చేసిన అభ్యర్థికి పీహెచ్‌డీ వైవాలో దాదాపు తప్పని ప్రశ్న ఒకటుంది: ఇంత తక్కువ మందితో మాట్లాడి ఇన్ని సంగతులు ఎలా తేల్చారు? ఈ ప్రశ్న వెనక చాలాసార్లు 384 అనే అంకె ఉంటుంది. క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ప్రచురించిన పట్టిక ప్రకారం జనాభా వెయ్యి అయితే 278 మందిని, పదివేలయితే 370 మందిని, పది లక్షలయితే 384 మందిని నమూనాగా తీసుకోవాలి. సర్వే పద్ధతిలో పెరిగిన ఎగ్జామినర్‌కి ఈ పట్టిక కంఠతా వచ్చి ఉంటుంది. అందుకే పది, ఇరవై మంది అనగానే ఆయన కనుబొమలు ముడిపడతాయి.

ఆ పట్టిక ఎందుకు పుట్టిందో అభ్యర్థికి ముందుగా తెలియాలి. జనాభాలో ఫలానా లక్షణం ఉన్నవాళ్లు ఎంత శాతమో, 5 శాతం అటూఇటూగా, 95 శాతం నమ్మకంతో అంచనా వేయడానికి అది పనికొస్తుంది. మనుషుల్ని చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే ఆ లెక్క నిలుస్తుంది. ఏ శాతాన్నీ అంచనా వేయని థీసిస్‌కి 384 వర్తించదు. ఇక్కడే ఒక చిక్కుంది. థీసిస్‌లో ఎక్కడో ‘అరవై శాతం మంది ఇలా అన్నారు’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు, ఎగ్జామినర్ దాన్ని పట్టుకుంటారు. అలా పట్టుకోవడం న్యాయమే. వైవాకి వెళ్లేముందు శాతాలు ఎక్కడెక్కడ దూరాయో వెతికి చూసుకోవాలి.

ఒక ఊహా థీసిస్‌ని తీసుకుంటే జవాబు ఎలా కట్టాలో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని ప్రకారం కౌలురైతుకి పదకొండు నెలలు చెల్లే కార్డు ఇస్తారు. కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. కౌలు ఒప్పందాలేమో ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తాయి. కౌలు చేస్తున్నా కార్డు తీసుకోనివాళ్లు ఆ నిర్ణయానికి ఎలా వస్తారన్నది అభ్యర్థి ప్రశ్న. ఆమె పల్నాడులోని ఒక మండలంలో 19 మందితో మాట్లాడింది. కార్డు లేనివాళ్లు ఎందరో తేల్చాలంటే సర్వే చేయాల్సిందే. ఎందుకు లేదో, మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ఆ అనుభవం ఉన్నవాళ్లని వెతికి, ఒక్కొక్కరి దగ్గర గంటో గంటన్నరో కూర్చోవాలి. మైకేల్ క్విన్ పాటన్ తన గ్రంథాల్లో ఉద్దేశపూర్వక నమూనాకి చెప్పిన తర్కం ఇదే: అడుగుతున్న విషయం గురించి దండిగా చెప్పగలవాళ్లని ఎంచుకోవడం.

‘అంటే మీకు నచ్చినవాళ్లని ఎంచుకున్నారన్నమాట’ అన్నది ఎగ్జామినర్ తరువాతి మాట. అసలు పరీక్ష ఇక్కడుంది. తేలిగ్గా దొరికినవాళ్లతో మాట్లాడి దానికి ఉద్దేశపూర్వక నమూనా అని పేరు పెట్టిన థీసిస్‌లు తక్కువేమీ కావు. రెంటికీ తేడాని చూపించేది ఎంపిక ప్రమాణమే. అది ఇంటర్వ్యూలకి ముందే రాసుకున్నదై ఉండాలి. ఈ అభ్యర్థి మొదట 15 మందిని అనుకుంది: కార్డు తీసుకున్నవాళ్లు ఐదుగురు, అడిగితే యజమాని కాదన్నవాళ్లు ఐదుగురు, అసలు అడగనివాళ్లు ఐదుగురు. కార్డు రానివాళ్లనే చూస్తే ఆ కారణాలు వచ్చినవాళ్లకీ ఉన్నాయేమో తెలియదు కాబట్టి మొదటి గుంపు అవసరమైంది. ప్రతి గుంపులోనూ బంధువుల పొలం చేసేవాళ్లు, పట్నంలో ఉండే యజమాని పొలం చేసేవాళ్లు ఉండేలా చూసుకుంది. గ్రామ నాయకుడు చూపించినవాళ్లతోనే సరిపెట్టకుండా, ఎరువుల దుకాణం దగ్గరా, కూలీల అడ్డా దగ్గరా పరిచయమైనవాళ్లనీ తీసుకుంది. ఇవన్నీ పద్ధతుల అధ్యాయంలో ఉంటే పక్షపాతం అన్న ప్రశ్నకి జవాబు కాగితం మీదే దొరుకుతుంది.

ఇక పందొమ్మిది దగ్గరే ఎందుకు ఆగినట్టు? ‘సాచురేషన్ వచ్చింది’ అనే ఒక్క ముక్కతో సరిపెట్టడం వైవాల్లో కనిపించే అతి బలహీనమైన జవాబు. గ్లేసర్, స్ట్రాస్ 1967లో వాడుకలోకి తెచ్చిన భావన అది. కొత్త ఇంటర్వ్యూలు విశ్లేషణకి కొత్తగా ఏమీ చేర్చని స్థితి అని దాని అర్థం. అది వచ్చిందని చెబితే చాలదు, వచ్చిన తీరు చూపాలి. అందుకు సాధనం ఒక చిన్న పట్టిక. మన అభ్యర్థి ప్రతి ఇంటర్వ్యూనీ అయిన వారంలోనే రాసి, కోడ్‌లు వేసి, కొత్తవి ఎన్నో నమోదు చేసింది. మొదటి ఆరింటిలో 31 కోడ్‌లు, తరువాతి ఆరింటిలో 9, ఆపై మూడింటిలో ఒకటి వచ్చాయి.

పదిహేను దగ్గర ఆగిపోవచ్చు. కానీ పన్నెండో ఇంటర్వ్యూ ఆగనివ్వలేదు. అప్పటిదాకా కథ ఒకటే: కార్డు ఇస్తే కౌలుదారు రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని భయం. పన్నెండో మనిషి మేనమామ పొలం చేసే స్త్రీ. మేనమామ సంతకం పెడతానన్నాడు. ఆమే వద్దంది. కార్డు చూపినా బ్యాంకులో అప్పు పుట్టదు, ఎరువులూ మందులూ ఎలాగూ దుకాణంలో అరువుకే తెచ్చుకోవాలి, ఆ బాకీ పంటతో తీర్చాలి అని ఆమె లెక్క. అనుకున్న కథకి ఎదురు నిలిచిన సందర్భమిది. యజమాని ఒప్పుకున్నా కార్డు తీసుకోనివాళ్ల కోసం అభ్యర్థి మళ్లీ వెతికి నలుగురిని పట్టుకుంది. వాళ్లలో మొదటివారి దగ్గర రెండు కొత్త కోడ్‌లు వచ్చాయి, మిగతా ముగ్గురి దగ్గర ఒక్కటీ రాలేదు. మొత్తం 43. ఎదురు సాక్ష్యాన్ని వెతుక్కుంటూ వెళ్లినట్టు చూపగలగడం ఏ అంకె కన్నా ఎక్కువ ఒప్పిస్తుంది.

ఇతరుల అంకెల్ని ఆసరాగా తెచ్చుకోవచ్చు గానీ జాగ్రత్త అవసరం. గ్రెగ్ గెస్ట్ బృందం 2006లో ఘానా, నైజీరియా స్త్రీలతో చేసిన 60 ఇంటర్వ్యూలని తిరిగి పరిశీలించింది. కోడ్‌లలో అత్యధికభాగం మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే వచ్చేశాయని తేల్చింది. ఆ 12ని చాలామంది నియమంలా ఉదహరిస్తారు. అక్కడ మాట్లాడినవాళ్లు చాలావరకు ఒకే తరహావాళ్లు, అందరినీ అడిగిన ప్రశ్నలూ ఒకటే. మనుషులు రకరకాలుగా ఉన్నచోట 12 చాలకపోవచ్చు. ఇంకోవైపు, మార్క్ మేసన్ 2010లో 560 పీహెచ్‌డీ పరిశోధనల్ని చూస్తే సగటు నమూనా 31గా తేలింది. తమాషా ఏమిటంటే, నమూనాలు పది, ఇరవై, ముప్పై వంటి గుండ్రని అంకెల దగ్గర పోగుపడ్డాయి. సాచురేషన్ పదుల దగ్గరే రావాలన్న నియమం ఏదీ లేదు కాబట్టి, సరిగ్గా ఇరవయ్యో ముప్పయ్యో చేసినవాళ్లు ఆగిన కారణాన్ని మరింత గట్టిగా చూపించాల్సి ఉంటుంది.

ఇవన్నీ చేతిలో ఉంటే వైవాలో జవాబు నాలుగైదు వాక్యాలకి మించదు: ‘సార్, ఎంతమందికి కార్డు లేదన్నది నా ప్రశ్న కాదు, ఎందుకు తీసుకోలేదన్నది. అందుకే ఆ అనుభవం ఉన్నవాళ్లని మూడు రకాలుగా ఎంచుకున్నాను. ఎంపిక ప్రమాణాలు పద్ధతుల అధ్యాయంలో ఉన్నాయి. పన్నెండో ఇంటర్వ్యూలో నా వివరణకి ఎదురు సందర్భం వచ్చింది, అందుకే మరో నలుగురితో మాట్లాడాను. చివరి ముగ్గురి దగ్గర కొత్త కోడ్ రాలేదు, పట్టిక అనుబంధంలో ఉంది.’

‘మరి రాష్ట్రమంతటికీ ఇది వర్తిస్తుందా?’ అని అడిగితే వర్తిస్తుందనకూడదు. కారణాల రకాలు తేలాయి, వాటిలో ఏది ఎంత విస్తృతమో తేలలేదు. గోదావరి డెల్టాలో కౌలు షరతులు వేరైతే అక్కడ ఇంకో కారణం బయటపడవచ్చు. లింకన్, గూబా 1985లో చెప్పినట్టు, ఒకచోట తేలింది ఇంకోచోటికి పనికొస్తుందో లేదో అక్కడి పరిస్థితి తెలిసిన చదువరే నిర్ణయించుకోవాలి. అందుకు కావలసినంత వివరం ఇవ్వడం అభ్యర్థి బాధ్యత: మండలంలో నీటివసతి ఏమిటి, ఏ పంట వేస్తారు, కౌలు డబ్బుగా ఇస్తారా ధాన్యంగా ఇస్తారా, యజమానులు ఊళ్లో ఉంటారా.

ఇంత చెప్పినా ఎగ్జామినర్ ఇంకో పదిమందిని కలపమంటే, ఏ రకంవాళ్లు తగ్గారని అడగడం మర్యాదైన పద్ధతి. ఆయన ఒక రకాన్ని చూపగలిగితే, ఉదాహరణకి పొలాన్ని తిరిగి కౌలుకిచ్చే మధ్యవర్తులు ఒక్కరూ లేరంటే, అది నిజమైన లోటే. దాన్ని పూరించడానికి ముగ్గురో నలుగురో కావాలి. చూపలేకపోతే, పరిమితుల విభాగంలో ఒక పేరా చేర్చి, అనుబంధంలోని పట్టికని పద్ధతుల అధ్యాయంలోకి తెస్తానని గైడ్ సమక్షంలో చెప్పి, ఆ మాటని సవరణల జాబితాలో రాయించుకోవాలి.