సెంటీమీటరు గడిలో పాడ్‌కాస్ట్ కవర్

పాడ్‌కాస్ట్ కవర్ చతురస్రంగా ఉండాలి. ఆపిల్ వారి నిబంధనల ప్రకారం కనీసం 1400 పిక్సెళ్ల వెడల్పు కావాలి, 3000 అయితే మేలు. డిజైనర్ దాన్ని కంప్యూటర్ తెర నిండా పరిచి చూసుకుంటాడు. శ్రోతకు మాత్రం ఫోన్ జాబితాలో సుమారు సెంటీమీటరు గడిలోనే కనిపిస్తుంది. కవర్ బాగుందో లేదో తేల్చాల్సింది అక్కడే.

లెక్క చిన్నదే. కవర్ ఎత్తులో పదో వంతు ఉన్న అక్షరం ఆ గడిలో ఒక్క మిల్లీమీటరుకు దిగుతుంది. దినపత్రికలో వార్త అక్షరాలే అంతకన్నా పెద్దవి. అందుకే పేరులోని అక్షరం కవర్ ఎత్తులో కనీసం ఐదో వంతైనా ఉండాలి.

ఉదాహరణకు 'పాతబస్తీ కబుర్లు' అనే షో ఉందనుకుందాం. మొదటి కవర్‌లో చార్మినార్, మైకు, ఇద్దరు వ్యాఖ్యాతల ఫొటోలు, వాళ్ల పేర్లు, కింద ఒక ఉపశీర్షిక ఉన్నాయి. గడిలోకి కుదించగానే ముఖాలు చుక్కలైపోతాయి, ఉపశీర్షిక బూడిద రంగు గీతగా మారుతుంది. తెలుగుకు ఇంకో చిక్కుంది. 'స్తీ'లో తవత్తు, 'ర్లు'లో లవత్తు అక్షరం కిందికి వేలాడతాయి. సన్నటి ఫాంటు వాడితే ముందుగా మాయమయ్యేవి అవే. రెండు వరుసలను దగ్గరగా జరిపితే, పై వరుస వత్తు కింది వరుస తలకట్టుకు తగిలి రెండూ ముద్దవుతాయి.

దిద్దుబాటు తీసివేతతోనే మొదలవ్వాలి. షో పేరు, నిర్మాత పేరు జాబితాల్లో సాధారణంగా బొమ్మ పక్కనే అచ్చులో ఉంటాయి కాబట్టి వ్యాఖ్యాతల పేర్లు, ఉపశీర్షిక నిశ్చింతగా తీసేయొచ్చు. పెద్దగా, లావుగా 'పాతబస్తీ' ఒక్క మాట ఉంచి, వత్తుకు చోటు వదిలితే చాలు. ముఖ్యమైనదేదీ అంచుల్లో పెట్టకూడదు, చాలా యాప్‌లు మూలలను గుండ్రంగా కోసేస్తాయి.

చదవగలిగినంత మాత్రాన గుర్తుండిపోదు. మైకు, హెడ్‌ఫోన్ బొమ్మలు ఏ షోకైనా సరిపోతాయి, కనుక ఏ షోనీ గుర్తుచేయవు. హైదరాబాద్ అనగానే చార్మినార్ వేయడమూ అంతే. 2017లో మొదలైన న్యూయార్క్ టైమ్స్ వారి 'ది డైలీ' కవర్‌లో నీలం, పసుపు రంగులు, పెద్ద అక్షరాల్లో పేరు తప్ప పెద్దగా ఏమీ లేవు. వేలితో జాబితాను జరుపుతున్నప్పుడు పేరు చదవకముందే ఆ రంగుల జంట కంటికి తగులుతుంది. మన షోకు ఇరానీ చాయ్ రంగు నేలపై, పైనుంచి చూసిన సాసర్ వలయం ఒక్కటి వేస్తే మేలని నా అభిప్రాయం. అంత సాదా ఆకారం ఎంత చిన్నదైనా చెదరదు.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. అదే విభాగంలోని షోల జాబితాను స్క్రీన్‌షాట్ తీసి, మధ్యలో కొత్త కవర్‌ను అంతే సైజులో అతికించి, ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో పెట్టి చూడాలి. తర్వాత రంగులు తీసేసి నలుపు తెలుపుల్లో చూడాలి. ఎరుపు నేలపై ఆకుపచ్చ అక్షరాల్లాంటివి అప్పుడు ఒకే బూడిద రంగులో కలిసిపోయి దొరికిపోతాయి. చివరగా డార్క్ మోడ్‌లో. నల్ల నేపథ్యం ఉన్న కవర్‌కు అక్కడ అంచులే కనబడవు. గడి ఆకారం పోయి, అక్షరాలు మాత్రం తెరపై తేలుతుంటాయి. అలాంటప్పుడు నేపథ్యాన్ని కాస్త తేలిక చేయడమో, చుట్టూ దళసరి రంగు పట్టీ వేయడమో చేయాలి.