మూడు బిల్లులకు ఒకటే గడువు
బట్టల కొట్టాయన టోకు వర్తకుడికి మూడు బిల్లులు బాకీ. జూన్ 1 గడువుకి 10,000, జూన్ 16కి 20,000, జూన్ 21కి మరో 20,000. అన్నీ కలిపి జూలై 15న కట్టాడు. మరి వడ్డీ ఏ రోజు నుంచి?

మొదటి గడువు నుంచి రోజులు లెక్కపెట్టి, ఒక్కో మొత్తాన్ని వాటితో హెచ్చవేయాలి. మొదటిది సున్నా, రెండోది 3,00,000, మూడోది 4,00,000. మొత్తం 7,00,000ను బాకీ 50,000తో భాగిస్తే 14. జూన్ 1కి 14 కలిపితే సగటు గడువు జూన్ 15. ఆలస్యం 30 రోజులు. నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున వడ్డీ 750. ఏ బిల్లుకా బిల్లు వేసినా ఇంతే వస్తుంది.

కొందరు రోజులను మాత్రమే కూడి మూడుతో భాగించి జూన్ 13 అంటారు. చిన్న బిల్లునీ పెద్ద బిల్లునీ ఒకే గాటన కట్టి, రెండు రోజుల వడ్డీ అదనంగా గుంజడమే అది! చక్రవడ్డీ అయినా, బిల్లుకో రేటున్నా ఈ సగటు పనికిరాదు.