టాలీకి అయిదు స్టార్లు ఎవరిచ్చారు?

గుంటూరులో బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి, ఒక ఆడిటర్ గారి దగ్గర ఏడాదిన్నర పనిచేసిన అమ్మాయి హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం కోసం రెజ్యూమె తయారు చేసుకుంటోంది అనుకుందాం. ఆన్‌లైన్‌లో దొరికిన రంగుల నమూనాలో పక్కన ఒక నిలువు పట్టీ ఉంది. అందులో టాలీకి అయిదు స్టార్లు, ఎక్సెల్‌కు నాలుగు, జీఎస్టీకి నాలుగు, టీమ్‌వర్క్‌కు అయిదు, కమ్యూనికేషన్‌కు మూడు పెట్టింది.

చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఎక్సెల్‌లో తగ్గిన ఆ ఒక్క స్టార్ ఏమిటి? పివట్ టేబుల్ రాదా, మాక్రోలు రావా? కమ్యూనికేషన్‌కు మూడంటే మాట్లాడటం అంతంతమాత్రమేనని తనే రాసిచ్చినట్టు. అయిదు వేసుకుంటే నమ్మేదెవరు? 1999లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రూగర్, డన్నింగ్ కొందరికి పరీక్షలు పెట్టి, ఎవరి స్థాయిని వాళ్లనే అంచనా వేయమన్నారు. అందరికన్నా వెనుకబడినవాళ్లు కూడా సగటు కంటే తామే మెరుగని చెప్పుకున్నారు. ఎవరికి వాళ్లు వేసుకునే మార్కులతో వచ్చే చిక్కు ఇదే.

ఇంకో చిక్కు యంత్రాలతో. పెద్ద కంపెనీలకు వచ్చే రెజ్యూమెలను చాలాచోట్ల ముందుగా సాఫ్ట్‌వేరే చదివి, అందులోని మాటలను ఏరి పెడుతుంది. స్టార్లు బొమ్మలైతే దానికి కనిపించవు. కొన్నిసార్లు అర్థంకాని గుర్తులుగా మారతాయి. పక్క పట్టీలోని మాటలు అనుభవం వివరాల మధ్యలో దూరడమూ మామూలే. ఇది తెలుసుకోవడం తేలిక: పీడీఎఫ్ మొత్తాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే సరి. అక్కడ వరుస చెదిరితే, సాఫ్ట్‌వేర్‌కూ అలాగే అందే అవకాశం ఎక్కువ.

ఇక విడదీయడం. టాలీ తీసేసి బిజీనో జోహో బుక్సో ముందు పెట్టినా ఈ అమ్మాయి చేయగలిగే పని ఏది? అది టెక్నికల్ స్కిల్. లాగిన్ అయి వాడేది టూల్. ఈ లెక్కన చూస్తే ‘జీఎస్టీ’ అని ఒక్క మాట రాయడంలో లోపం తెలిసిపోతుంది. జీఎస్టీ పోర్టల్ ఒక టూల్. అందులో జీఎస్టీఆర్-2బి దించుకుని, కొనుగోలు బిల్లులతో సరిపోల్చి, ఏ సప్లయర్ బిల్లు ఎక్కించలేదో పట్టుకోవడం స్కిల్. 2022 జనవరి నుంచి 2బిలో కనిపించని బిల్లుపై ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. అందుకే యజమానికి ఆ సరిపోల్చడం డబ్బుతో సమానం.

ఇలా వేరుచేశాక ఆమె రెజ్యూమెలో స్కిల్స్ భాగం ఇలా తయారవుతుంది:

టెక్నికల్ స్కిల్స్: జీఎస్టీఆర్-1, 3బి తయారీ, 2బితో కొనుగోళ్ల సరిపోలిక, బ్యాంక్ రీకన్సిలియేషన్, టీడీఎస్ లెక్కింపు.

టూల్స్: రోజూ వాడినవి టాలీప్రైమ్, జీఎస్టీ పోర్టల్, ఎక్సెల్ (పివట్ టేబుల్, `VLOOKUP`). కోర్సులో నేర్చుకున్నది జోహో బుక్స్.

స్టార్లు చెప్పాలని చూసి చెప్పలేకపోయిన సంగతిని ‘రోజూ వాడినవి’, ‘కోర్సులో నేర్చుకున్నది’ అన్న మాటలు చెప్పేశాయి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు కూడా అక్కడి నుంచే వస్తాయి. 2బిలో బిల్లు లేకపోతే ఏం చేస్తావమ్మా అని అడిగితే, సప్లయర్‌కు ఫోన్ చేసి ఎక్కించమంటానని, అది 2బిలో కనిపించేదాకా క్రెడిట్ ఆపుతానని చెప్పగలగాలి. అలా చెప్పలేని అంశం ఆ వరుసలో ఉండకపోవడమే మేలు. ప్రకటనలో ఉంది కదా అని శాప్‌ను చేర్చేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

మిగిలింది సాఫ్ట్ స్కిల్స్. ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ అని అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. ఈ అమ్మాయి విషయంలో చెప్పుకోదగ్గది ఒకటుంది. నెలవారీ జీఎస్టీఆర్-1 గడువు మరుసటి నెల 11. బిల్లులు ఆలస్యంగా పంపే దుకాణదారులకు 5వ తేదీలోపే ఫోన్ చేసి, విసిగించకుండా రాబట్టడం ఆమె పని. ఆ ఒక్క వాక్యం రాస్తే కమ్యూనికేషన్, సమయపాలన రెండూ అందులోనే ఉన్నాయి. దాన్ని అనుభవం కింద, ఆడిటర్ ఆఫీసు పేరు పక్కనే రాస్తే ఇంకా బాగా అతుకుతుంది. సాఫ్ట్ స్కిల్స్ అని విడిగా శీర్షిక కావాల్సిందే అనుకుంటే రెండు పంక్తులు చాలు.

స్థాయిని అంకెలతో చెప్పడం అన్నిచోట్లా తప్పు కాదు. కొలిచింది ఎవరన్నదే తేడా. ఇంగ్లీషు టైప్‌రైటింగ్ హయ్యర్ పాసయ్యామంటే నిమిషానికి 45 పదాల పరీక్ష గట్టెక్కినట్టు. జర్మనీకి వెళ్లే నర్సు బి1 అనో బి2 అనో రాస్తే దాని వెనుక పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయి. అలాంటివి ఉన్నవి ఉన్నట్టు, పాసైన సంవత్సరంతో సహా రాసుకోవచ్చు.