రెండు, పదహారు, ఇరవై

తెలుగిళ్ళలో పంచాంగం క్యాలెండర్‌ను తిథులు, వర్జ్యాలు చూసుకోవడానికే కొనరు. పాలు పోయించుకోని రోజున ఒక ఇంటూ గుర్తు, గ్యాస్ బండ దిగిన రోజున ‘గ్యా’ అని ఒక అక్షరం, చీటీ పాట తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా. నెల తిరిగేసరికి ఆ కాగితం నిండా ఇంటి లెక్కే ఉంటుంది. పాలవాడితో పేచీ వస్తే తీర్పు చెప్పేదీ అదే.

ఇప్పుడు ఆ గుర్తులన్నీ ఫోన్‌లోకి వెళ్ళాయి. వెళ్ళి, ఓటీపీల మధ్య, పండగ ఆఫర్ల మధ్య, ‘మీకు రుణం మంజూరైంది’ అనే మెసేజ్‌ల మధ్య కలిసిపోయాయి. అందుకని చాలామంది చేసే పని ఒకటుంది. ప్రతి బిల్లుకూ ఆఖరి గడువు ఏదో చూసి, ఆ రోజుకు అలారం పెట్టుకుంటారు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది కానీ, అలారం మోగడానికి నెల మొత్తంలో అంతకంటే పనికిమాలిన రోజు ఉండదు. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే తెచ్చే వ్యవధి లేదు. బిల్లులో తప్పుంటే అడిగే వ్యవధి లేదు. సర్వర్ మొరాయిస్తే రేపు చూద్దామనే వీలూ లేదు.

ఒక నమూనా కుటుంబాన్ని తీసుకుందాం. హైదరాబాద్ కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు. భర్తది మందుల కంపెనీలో ఉద్యోగం. జీతం 45,000 రూపాయలు నెలాఖరున పడుతుంది. భార్య ప్రైవేటు బడిలో టీచరు. ఆమె 18,000 ఏడో తేదీకి గానీ రావు. ఇంటద్దె, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, బైక్ వాయిదా, చీటీ, కరెంటు, వైఫై, మూడు ఫోన్ల రీఛార్జీ, ఒక క్రెడిట్ కార్డు. మొత్తం ఎనిమిది రకాల చెల్లింపులకు ఎనిమిది అలారాలు. అయినా కార్డు బిల్లు దగ్గర దెబ్బ తిన్నారు.

అది ఎలా జరిగిందో వివరంగా చూడాలి, ఎందుకంటే ఇందులో తప్పు మతిమరుపుది కాదు. వాళ్ళ కార్డు స్టేట్‌మెంట్ ప్రతి నెలా 2న వచ్చేది, గడువు 22. జులై 4న ఆ కార్డు మీద 12,000 పెట్టి వాషింగ్ మెషీన్ కొన్నారు. ఆ ఖర్చు ఆగస్టు 2 స్టేట్‌మెంట్‌లోకి వచ్చింది. జీతం పడి రెండు రోజులే అయింది కాబట్టి ఆ వేళ కట్టేయడానికి డబ్బుంది, కానీ అలారం 22కి పెట్టి ఉంది. 22న అలారం సరిగ్గానే మోగింది. అప్పటికి ఖాతాలో మిగిలింది ఐదు వేలు. జీతం రాగానే కడదామనుకుని సెప్టెంబరు 3న కట్టారు.

ఆలస్యమైంది పన్నెండు రోజులే. వడ్డీ మాత్రం అరవై ఒక్క రోజులకు పడింది. గడువులోగా బిల్లు మొత్తం కట్టినవారికే కార్డు వడ్డీ లేని అప్పు ఇస్తుంది. గడువు దాటితే ఆ మినహాయింపు పోయి, వడ్డీ లెక్క వస్తువు కొన్న రోజుకు, అంటే జులై 4కు, వెనక్కి వెళుతుంది. నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం చొప్పున 12,000 మీద 61 రోజులకు సుమారు 842 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 994. ఆలస్య రుసుము వేరే. ఇంకో మెలిక ఏమిటంటే, పాత బాకీ ఉండగా ఆగస్టులో గీకిన కొత్త ఖర్చులకు కూడా వడ్డీ లేని గడువు దక్కదు.

గడువు దాటాక మూడు రోజులు ఏమీ కాదని కార్డు వాడేవాళ్ళు చెప్పుకుంటుంటారు. అందులో సగమే నిజం. రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల ప్రకారం, గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, క్రెడిట్ సమాచార సంస్థలకు బకాయిగా చూపాలి. ఆ వెసులుబాటు రుసుముకూ రికార్డుకూ వర్తిస్తుంది. వడ్డీని ఆపుతుందనే హామీ మాత్రం అందులో లేదు.

అదే ఆదేశాల్లో, అంతగా ప్రచారం కాని మాట ఇంకొకటుంది. కార్డు బిల్లింగ్ చక్రాన్ని కనీసం ఒక్కసారైనా తనకు అనువుగా మార్చుకునే అవకాశం వినియోగదారుకు ఇవ్వాలి. ఈ దంపతులు బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్టేట్‌మెంట్ తేదీని 18కి మార్పించుకున్నారు. దాంతో గడువు తర్వాతి నెల ఏడు, ఎనిమిది తేదీలకు జరిగింది. అంటే బిల్లు ముందే చేతికొస్తుంది, తర్వాత జీతం వస్తుంది, ఆ తర్వాతే గడువు. వరస కుదిరింది.

వరస కుదిరాక ఎనిమిది అలారాలతో పనిలేకపోయింది. రెండు చాలు.

మొదటిది 2వ తేదీ. భర్త జీతంతో ఆ రోజు అద్దె, మెయింటెనెన్స్, చీటీ, కార్డు బిల్లు పూర్తిగా వెళ్ళిపోతాయి. బైక్ వాయిదా 5న బ్యాంకు తానే కోసుకుంటుంది కాబట్టి, దానికి కట్టే పని లేదు; ఆ మొత్తాన్ని ముట్టకుండా ఖాతాలో ఉంచడమే పని. 5న ఆదివారమైతే సోమవారం దాకా ఊపిరి పీల్చుకోవచ్చనేది పాతకాలపు లెక్క. ఇలాంటి వాయిదాలను వసూలు చేసే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, పండగ రోజుల్లో కూడా పనిచేస్తోంది. డబ్బు లేక వాయిదా తిరిగి వెళితే ఖాతా ఉన్న బ్యాంకు ఒక రుసుము, అప్పిచ్చిన సంస్థ ఇంకో రుసుము వేస్తాయి.

రెండోది 16వ తేదీ. ఇది భార్య జీతం మీద నడిచే రోజు. కరెంటు రీడింగ్ తీసే మనిషి వాళ్ళ వీధికి 8 నుంచి 12 లోపు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు, అక్కడి నుంచి సుమారు రెండు వారాల గడువు. కాబట్టి ఏ రోజు వచ్చినా 16కి బిల్లు ఇంట్లో ఉంటుంది, గడువూ మిగిలి ఉంటుంది. వైఫై కూడా ఆ రోజే.

ఫోన్ రీఛార్జీలే లొంగలేదు. 28 రోజుల ప్లాన్ ప్రతి నెలా రెండు మూడు రోజులు వెనక్కి జారుతుంది, ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టిస్తుంది. మూడు ఫోన్లు మూడు దిక్కులకు జారుతుంటే ఏ తేదీకి కట్టిపడేస్తారు? దీనికీ ఒక దారి ఉంది. ప్రతి టెలికాం సంస్థా 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రీఛార్జి అయ్యే ప్లాన్ ఒకటి తప్పనిసరిగా ఉంచాలని ట్రాయ్ 2022లో ఆదేశించింది. యాప్‌లో ముందు వరసలో కనిపించకపోయినా కిందికి జరిపి వెతికితే దొరుకుతుంది. 30 రోజులది కూడా జారేదే, నెమ్మదిగా జారుతుందంతే. ఒకే తేదీకి వచ్చేదాన్ని ఎంచుకుని, 16నే మొదటిసారి రీఛార్జి చేస్తే పేచీ తీరుతుంది.

అన్నీ ఆటోపేకి అప్పగించేస్తే ఈ తేదీల గొడవే ఉండదు కదా అని ఎవరైనా అడగొచ్చు. ప్రతి నెలా ఒకే మొత్తం ఉండే వైఫై లాంటివాటికి అది బాగానే ఉంటుంది. కార్డుకు పెట్టేటప్పుడు ఒక్కటి గమనించాలి. చెల్లించాల్సిన ‘మొత్తం’ కోయాలా, ‘కనీస మొత్తం’ చాలా అని ఫారం అడుగుతుంది. కనీస మొత్తం దగ్గర టిక్కు పెట్టినవారికి రుసుము పడదు, ఫోన్‌లో హెచ్చరికలూ రావు. మిగిలిన బాకీ మీద 42 శాతం వడ్డీ మాత్రం నెలనెలా నిశ్శబ్దంగా పెరుగుతుంటుంది. ఇక కార్డు మీద, యూపీఐ మీద పెట్టిన ఆటోపేలకు డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందస్తు సమాచారం ఇవ్వాలన్నది నిబంధన. అక్కర్లేని చందాను ఆపడానికి ఆ ఒక్క రోజు సరిపోతుంది. ఖాళీ ఖాతాను నింపుకోవడానికి చాలదు.

అలారం మోగగానే వేలితో పక్కకు తోసేయడం అందరికీ ఉన్న అలవాటే. ‘బిల్లులు’ అని ఒక్క మాట రాసి పెట్టిన అలారాన్ని తోసేయడం మరీ తేలిక. అందుకే ఈ ఇంట్లో 16వ తేదీ అలారం ఇలా ఉంటుంది: ‘కరెంటు, సర్వీసు నంబరు ఫలానా, పోయిన నెల 1,140.’ పోయిన నెల అంకె పక్కన ఉంటే ఈసారి 2,300 వచ్చినప్పుడు కన్ను ఆగుతుంది. మీటరు తప్పు చదివారా, ఏసీ ఎక్కువ తిరిగిందా అని కట్టకముందే అడగాలనిపిస్తుంది. ఇద్దరి ఫోన్లలో అలారం పెట్టుకున్న కొత్తలో ఒక నెల వైఫై రెండుసార్లు కట్టారు, మరో నెల నువ్వు కట్టావనుకుని నేను ఊరుకున్నానన్నారు. ఇప్పుడు కట్టినవాళ్ళు గోడ క్యాలెండర్ మీద టిక్కు పెడతారు. ఫోన్లు రెండున్నా గోడ ఒక్కటే కదా.

ఫోన్ క్యాలెండర్‌తో ఇంకో చిక్కు. 31వ తేదీకి నెలవారీ గుర్తు పెడితే, 31 లేని నెలల్ని గూగుల్ క్యాలెండర్ అసలు లెక్కలోకే తీసుకోదు. ఏడాదిలో అయిదు నెలలు అది మోగదు. నెలవారీ పనిని 28 దాటించకపోవడం మేలు.

కట్టే తేదీలు సరే, ఖర్చు చూసుకునే తేదీ ఏది? వీళ్ళది 20. జీతం రోజున ఖర్చులు చూసుకుంటే జేబు నిండుగా ఉంటుంది కాబట్టి పోయినదాని గురించి పట్టింపు ఉండదు. నెలాఖరున చూస్తే చేయగలిగింది ఏమీ మిగలదు. 18న కార్డు స్టేట్‌మెంట్ వస్తుంది, 20కి ఇంకా పది రోజుల నెల ముందుంటుంది. రాత్రి అన్నాలయ్యాక అరగంట. కార్డు స్టేట్‌మెంట్, రెండు ఖాతాల వివరాలు ముందు పెట్టుకుని మూడు కుప్పలు చేస్తారు: ఇల్లు నడవడానికి తప్పనివి, చేతి ఖర్చులు, ఏడాదికోసారి వచ్చేవి.

ఇందులో కష్టమంతా రెండో కుప్పే. యూపీఐ చిట్టాలో మనుషుల పేర్లుంటాయి, సరుకుల పేర్లుండవు. మూడు వారాల కిందట ఒక అపరిచితుడికి వెళ్ళిన 180 రూపాయలు కూరగాయలకా, ఆటోకా, మిర్చి బజ్జీలకా? ఆ రోజు గుర్తు చేసుకోవడం దేవుడి తరం కూడా కాదు. పంపేటప్పుడే నోట్ గడిలో ‘కూర’, ‘ఆటో’ అని రాస్తే సరిపోతుంది. వంద రూపాయల లోపువాటికి అది కూడా అక్కర్లేదని, వాటిని మొత్తంగా కూడితే చాలని ఈ ఇంట్లో తేల్చుకున్నారు. చాయ్ లెక్క రాసే ఇంట్లో లెక్కలు మూడో నెలకే ఆగిపోతాయి.

మూడో కుప్ప చిన్నదే కానీ అప్పుల్లోకి దింపేది అదే. జూన్‌లో పిల్లాడి స్కూలు ఫీజు, బైక్ బీమా, ఒక టర్మ్ పాలసీ కలిపి ఏడాదికి 36,000. అవి ఎప్పుడూ ఊహించని ఖర్చులా వచ్చి కార్డు మీద పడేవి. ఇప్పుడు నెలకు మూడు వేల చొప్పున రికరింగ్ డిపాజిట్‌లోకి వెళుతున్నాయి, అది మేలో చేతికొచ్చేలా గడువు పెట్టుకున్నారు. సొంతిల్లున్నవాళ్ళు ఈ కుప్పలో ఆస్తి పన్ను కూడా రాసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేవారికి ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గిస్తూ వస్తున్నారు.

వాళ్ళ వంటగదిలో ఈ నెల కాగితం మీద 2, 16, 20 అంకెల చుట్టూ ఎర్ర పెన్ను సున్నాలున్నాయి. రెండో తేదీ పక్కన నాలుగు టిక్కులు, పదహారు పక్కన ఒకటి. రీడింగ్ తీసే మనిషి ఈసారి ఇంకా రాలేదు. ‘కరెంటు’ అని రాసి, అక్కడి నుంచి 20 దాకా ఒక బాణం గీశారు.