‘హోల్ వాచ్’ను తెలుగులో ఏమని రాయాలి?

మీ గ్యాంగులో కాస్త ఇంగ్లీషు చదవగలిగిన తెలుగు మనిషి మీరే అయితే, ఏదో ఒక రోజు సేఫ్టీ ఆఫీసర్ ఒక కాగితం మీ చేతిలో పెడతాడు. "మీ వాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాసివ్వు" అంటాడు. సౌదీలో ఒక షట్‌డౌన్ పనిలో ఉన్నప్పుడు నాకూ ఇలాగే ఇచ్చారు. అది వెసెల్ లోపలికి దిగే ముందు చదవాల్సిన కాగితం. ఒక్క పేజీ. రెండుసార్లు తప్పుగా రాశాను. ఏ మాటను ఇంగ్లీషులోనే ఉంచాలి, ఏ మాటను తెలుగు చేయాలి అన్నది ఆ తప్పుల వల్లే నాకు తెలిసింది.

మొదటిసారి అంతా పుస్తకాల తెలుగులో రాశాను. ‘కన్‌ఫైన్డ్ స్పేస్’ని ‘పరిమిత స్థలం’ అన్నాను. వెసెల్‌ని ‘పీడన పాత్ర’ అన్నాను. టూల్‌బాక్స్ మీటింగులో చదివి వినిపిస్తే, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగాడు: "పరిమిత స్థలం అంటే ఏంది తమ్మీ? క్యాంపు రూముల ఎక్కువ మంది ఉండొద్దనా?" ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. పరిమితం అంటే తక్కువ అని కదా అర్థం. కానీ అక్కడ ప్రమాదం ఇరుకు వల్ల కాదు, గాలి వల్ల. నేను రాసిన మాటలో గాలి ఊసే లేదు.

రెండోసారి దానికి పూర్తిగా ఎదురు దారి పట్టాను. ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాల్లో దించేశాను. "ఐసోలేషన్ కన్ఫర్మ్ అయ్యి, గ్యాస్ ఫ్రీ అయిన తర్వాతే ఎంట్రీ." ఇదీ నిలబడలేదు. ఐసోలేషన్ అనగానే మన వాళ్లకు గుర్తొచ్చేది కరోనా అప్పుడు విడిగా పెట్టిన గది. ఇక ‘గ్యాస్ ఫ్రీ’ సంగతి చెప్పక్కర్లేదు. మన చెవికి ఫ్రీ అంటే ఉచితం. వెనక వరసలో ఒక కుర్రాడు "ఇంటికి సిలిండర్ పంపుతారా అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం లోపల భయం వేసింది. తెలియని మాట అయితే మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిన మాటే వేరే అర్థంతో వస్తే అడగడు, తెలిసిందనుకుని ముందుకు పోతాడు.

మూడోసారి ప్రతి మాట దగ్గరా ఆగి ఒకటే చూసుకున్నాను: ఈ మాట మనిషికి ఎక్కడ ఎదురవుతుంది? బోర్డు మీదా, ట్యాగ్ మీదా, మీటర్ తెర మీదా, వాకీటాకీలోనా? అలాగైతే దాని శబ్దం మార్చకూడదు. అదే మాట ఆ మనిషి చేయాల్సిన పని గురించో, తప్పుకోవాల్సిన ప్రమాదం గురించో చెబుతుంటే శబ్దం ఒక్కటే చాలదు, అర్థం తెలుగులో రావాలి. కొన్ని మాటలకు రెండూ కావాలి.

హోల్ వాచ్‌నే తీసుకోండి. వెసెల్ నోటి దగ్గర బయట నిలబడే మనిషి ఆయన. లోపలికి వెళ్లినవాళ్ల పేర్లు రాసుకుంటాడు, వాళ్లతో మాట కలుపుతూ ఉంటాడు, ఏదైనా అయితే అలారం ఇస్తాడు. దీన్ని ‘రంధ్ర పరిశీలకుడు’ అని రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు, పైగా వాకీటాకీలో ఆ మాట ఎప్పటికీ వినపడదు. ఆయన జాకెట్ మీద, పర్మిట్‌లో ఉండేది హోల్ వాచ్ అనే. అందుకే ఆ పేరు అలాగే ఉంచాను. కానీ వాచ్ అన్నంత మాత్రాన ఆయన పనేమిటో తెలియదు, మన ఊరి వాచ్‌మన్ లాగా కుర్చీ వేసుకుని కూర్చోవచ్చనుకుంటారు. అందుకని కింద తెలుగులో రాశాను: "హోల్ వాచ్ ఆ చోటు వదిలి కదలకూడదు. లోపల మనిషి పడిపోయినా తను లోపలికి దూకకూడదు. రెస్క్యూ వాళ్లను పిలవాలి." ఈ చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. ఇలాంటి చోట్ల కాపాడబోయి లోపలికి వెళ్లినవాళ్లు కూడా పోతుంటారు.

ఐసోలేషన్‌కి మాత్రం ఏ ఒక్క తెలుగు మాటా వెతకలేదు. అదొక పని కాదు, నాలుగు పనులు. "వాల్వులు మూశారా, లైనుకు బ్లైండ్ వేశారా, కరెంటు తీశారా, తాళం వేసి ట్యాగ్ కట్టారా." బ్లైండ్‌ని ‘గుడ్డి’ అనలేం కదా. అది పైపుకు అడ్డంగా వేసే రేకు, స్టోర్‌లో అడిగేది ఆ పేరుతోనే, కాబట్టి అలాగే ఉంచాను. ‘గ్యాస్ ఫ్రీ’ బదులు "లోపల ప్రమాదమైన గ్యాస్ లేదని మీటర్ పెట్టి చూసి, సంతకం చేశారా" అని రాశాను.

నైట్రోజన్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. బడిలో మనం చదివింది నత్రజని. మంచి మాటే. కానీ మన గ్యాంగులో సగం మంది వ్యవసాయం చేసి వచ్చినవాళ్లు. నత్రజని అంటే వాళ్లకు యూరియా, పైరుకు బలం. వెసెల్‌లో అదే నైట్రోజన్ నిండి ఉంటే రంగుండదు, వాసనుండదు, ఒకటి రెండు సార్లు ఊపిరి పీల్చేలోపే మనిషి స్పృహ తప్పవచ్చు. పైపు మీద, సిలిండర్ మీద ఉండేది N2, లేదా నైట్రోజన్ అని. అందుకే నైట్రోజన్ అనే రాసి, పక్కన "ఇది విషం కాదు, కానీ ఆక్సిజన్‌ని తోసేస్తుంది" అని కలిపాను.

మీటర్ తెర మీద కనిపించే అక్షరాలను అస్సలు ముట్టుకోలేదు: O2, LEL, H2S, CO. LELకి ‘దిగువ విస్ఫోటన పరిమితి’ అని మాట కట్టవచ్చు, కానీ తెర మీద అది కనపడదు. అర్థం మాత్రం విడమరిచాను: గాలిలో గ్యాస్ ఎంత చేరితే నిప్పు అంటుకుంటుందో ఆ మొత్తాన్ని 100 అనుకుంటే, ఇప్పుడు ఎంత వరకు వచ్చిందో చెప్పే అంకె అది. 10 చూపిస్తే పదోవంతు దాకా వచ్చిందని. O2 మామూలు గాలిలో 20.9 ఉంటుంది. 19.5 కంటే తగ్గితే ఊపిరికి ప్రమాదం, 23.5 దాటితే మంటకు ప్రమాదం. మీ పర్మిట్‌లో ఇంకా కఠినమైన అంకె రాసి ఉంటే దాన్నే పాటించాలి. H2S దగ్గర ఒక వాక్యం అదనంగా రాశాను: "కుళ్లిన గుడ్డు వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని కాదు." ఆ గ్యాస్ సుమారు 100 పీపీఎం చేరితే వాసన పట్టే శక్తే మొద్దుబారుతుంది.

ఇవన్నీ రాశాక కన్‌ఫైన్డ్ స్పేస్ ఒక్కటి మిగిలింది. బోర్డు మీద CONFINED SPACE అని ఉంటుంది కాబట్టి ఆ శబ్దం ఉంచాను. అర్థానికి మాత్రం పెద్దాయన సాయం చేశాడు. "మా ఊర్ల పాత బాయిల పూడిక తీయ దిగేముందు దీపం దించి చూస్తరు. దీపం ఆరితే దిగరు. గట్లాంటిదా?" అన్నాడు. సరిగ్గా అలాంటిదే. ‘పాడుబడ్డ బావి లాంటి చోటు, లోపలి గాలిని నమ్మకూడదు’ అని రాస్తే ఎవరికీ ఇంకో ప్రశ్న రాలేదు. కానీ ఊరి పోలికలో ఒక ముల్లు ఉంది. బావిలో దీపం దించినట్టు ఇక్కడ ఎవరైనా లైటర్ వెలిగించి చూస్తే వెసెల్ పేలుతుంది. అందుకని వెంటనే మరో వాక్యం చేర్చాల్సి వచ్చింది: "ఇక్కడ దీపం పని మీటర్ చేస్తుంది. నిప్పు పెట్టకూడదు."

కాగితం రాసి ఇచ్చేముందు ఒక పని చేయండి. దాన్ని చదివి వినిపించి, "అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ తలూపుతారు. "రేపు పొద్దున లోపల మీవాడు పడిపోయాడు, హోల్ వాచ్‌వి నువ్వే. ఏం చేస్తావ్?" అని ఒకరిని నిలబెట్టి అడగండి. నా మూడో కాగితం చదివాక కూడా మొదట నిలబడ్డ కుర్రాడు "దూకి లాగుతానన్నా" అన్నాడు. దూకకూడదన్న వాక్యం పేజీ అడుగున ఉండిపోయింది. దాన్ని తెచ్చి అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో పెట్టాను.