గర్భం నిలవనప్పుడు సెలవు మెయిల్‌లో ఏం రాయాలి?

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసే ఉద్యోగిని ఉందనుకుందాం. తొమ్మిదో వారం స్కాన్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపించలేదు. మర్నాడు డీ అండ్ సీ చేసి, సాయంత్రానికి ఇంటికి పంపారు. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని పెద్దవాళ్లు అనడంతో ఆఫీసులో ఎవరికీ ఆమె గర్భవతి అని తెలియదు. ఇప్పుడు పోయిందని చెబితే, ఉండిందన్న సంగతీ చెప్పినట్టే. అందుకే చాలామంది ‘జ్వరం’ అని రాసి రెండు రోజులకే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. రక్తస్రావం మాత్రం వారం, రెండు వారాలదాకా ఉండొచ్చు.

అబద్ధం చెప్పాల్సిన పని లేదు, అంతా చెప్పాల్సిన పనీ లేదు. అయితే మెయిల్ రాసే ముందు ఆమె ఒకటి తేల్చుకోవాలి: కావలసింది పది రోజులా, ఆరు వారాలా?

పది రోజులు చాలనుకుంటే మామూలు సిక్ లీవ్ సరిపోతుంది. మేనేజర్‌కు ఇలా రాయవచ్చు: “సార్, నాకు నిన్న ఆస్పత్రిలో ఒక చిన్న ప్రొసీజర్ జరిగింది. డాక్టర్ పది రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు. ఈ నెల 4 నుంచి 13 వరకు సిక్ లీవ్ మంజూరు చేయగలరు. ఇది నా వ్యక్తిగత ఆరోగ్య విషయం, వివరాలు నా దగ్గరే ఉంచుకోవాలనుకుంటున్నాను. జీఎస్టీ రిటర్న్ పని పక్క సీటు సహోద్యోగికి అప్పగించాను. అత్యవసరమైతే మెసేజ్ పెట్టండి.” ఇందులో క్షమాపణ లేదు, బతిమాలడం లేదు. తేదీలు, పని ఎవరు చూస్తారన్నది స్పష్టంగా ఉంటే మేనేజర్‌కు అడగడానికి పెద్దగా మిగలదు. ‘ఏమైందమ్మా?’ అని ఫోన్ వచ్చినా, ‘కోలుకుంటున్నాను సార్, వివరాలు చెప్పలేను’ అంటే చాలు.

ఈ దారిలో నష్టం ఒక్కటే, ఆ రోజులు ఆమె సొంత సెలవుల్లోంచి పోతాయి.

చట్టం ఇచ్చేది అంతకంటే ఎక్కువ. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం గర్భస్రావం అయిన మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు ఉండేది. దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ హక్కును అలాగే ఉంచింది. దానివల్ల జబ్బు చేస్తే మరో నెలదాకా పొడిగింపు అడగవచ్చు. పదిమంది, అంతకుమించి పనిచేసే దుకాణాలకు, సంస్థలకు ఇది వర్తిస్తుంది. ఈఎస్ఐ ఉన్నవారికి ఆ డబ్బు కంపెనీ నుంచి కాక ఈఎస్ఐ నుంచి వస్తుంది.

కానీ ఈ సెలవుకు రుజువు కావాలి. అంటే కంపెనీలో ఎవరో ఒకరికి విషయం తెలియాల్సిందే. ఆ ఒకరు మేనేజర్ కానక్కర్లేదు. మేనేజర్‌కు పై తరహా మెయిలే వెళ్తుంది, తేదీలు మారతాయి అంతే. హెచ్‌ఆర్‌లో ఒక్కరికి మాత్రం విడిగా ఇలా రాయాలి: “మేడమ్, ఈ నెల 3న నాకు గర్భస్రావం అయింది. చట్టప్రకారం 4 నుంచి ఆరు వారాల సెలవు కోరుతున్నాను. డాక్టర్ సర్టిఫికెట్ జతచేశాను. దీన్ని మీ దగ్గరే ఉంచి, మా టీమ్‌కు మెడికల్ లీవ్ అని మాత్రమే తెలియజేయండి.” సెలవుల పోర్టల్‌లో కారణం అందరికీ కనిపించే చోట రాయకపోవడం మంచిది. గ్రూప్ మెయిల్‌లో సర్టిఫికెట్ పెట్టడమే తరచుగా గుట్టు బయటపెట్టే పొరపాటు.

సర్టిఫికెట్ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. డిశ్చార్జ్ కాగితాల్లో డాక్టర్లు తమ పరిభాషలో ‘మిస్డ్ అబార్షన్’ అని రాస్తారు. తనంతట తాను ఆగిపోయిన గర్భానికే ఆ మాట వాడినా, తెలియనివాళ్లు కావాలని తీయించుకుందని అనుకునే ప్రమాదం ఉంది. స్కాన్ రిపోర్టులు, పాత వివరాలు ఉన్న మొత్తం ఫైలు ఇవ్వకుండా, గర్భస్రావం జరిగిన తేదీ, కావలసిన విశ్రాంతి మాత్రమే ఉన్న చిన్న సర్టిఫికెట్ విడిగా రాసిమ్మని డాక్టర్‌ని అడగాలి. సిక్ లీవ్‌కైతే జబ్బు పేరు లేకుండా, విశ్రాంతి అవసరమని మాత్రమే రాసిమ్మనవచ్చు. కొన్ని కంపెనీలు దానితో సరిపెట్టుకోవు, ముందే పాలసీ చూసుకోవాలి.

హెచ్‌ఆర్‌కు చెప్పాక వెనక్కి తిరగడం కష్టమన్నది కూడా గుర్తుంచుకోవాలి. గర్భస్రావం తర్వాత ఆరు వారాల్లోపు తెలిసి తెలిసి పని చేయించకూడదని అదే చట్టం యజమానిని కట్టడి చేస్తుంది. ‘మూడో వారానికే వచ్చేస్తాను’ అన్నా కంపెనీ వద్దనవచ్చు. త్వరగా పనిలో పడితేనే మనసు కుదుటపడుతుందనుకునే స్త్రీకి సిక్ లీవ్ దారే మేలు. ఒంట్లో సత్తువ లేని స్త్రీ మొహమాటపడి ఆరు వారాలు వదులుకోకూడదు.

సిక్ లీవ్ తీసుకున్న తర్వాత జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావమైనా, గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అప్పుడు పొడిగింపుకు కొత్త సర్టిఫికెట్ అవసరమవుతుంది. డాక్టర్ తేదీ వేసిచ్చిన మొదటి కాగితం కూడా దాచుకోవాలి, ఆరు వారాల లెక్క గర్భస్రావం అయిన మర్నాటి నుంచే మొదలవుతుంది. చట్టప్రకారం సెలవులో ఉండగా ఆ కారణంగా ఉద్యోగంలోంచి తీసేయడం నేరం. అలా జరిగితే కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. హెచ్‌ఆర్‌కు పంపిన మెయిల్, దానికొచ్చిన జవాబు ఆ ఫిర్యాదుకు జతచేయాలి.